డ్యూటీ మారే వేళ రోగిని అప్పగించడం: ఒక పాఠం



రాత్రి 8 గంటలకు వార్డులో డ్యూటీ మారుతుంది. వెళ్లే సిస్టరు, వచ్చే సిస్టరు కలిసి ప్రతి మంచం దగ్గర ఆగి రోగి సంగతులు చెప్పుకుంటారు. దీనినే హ్యాండోవర్ అంటాము. ఇక్కడ మాట జారిపోతే రోగికి హాని జరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచనలలో దీనిని కూడా చేర్చింది. నర్సింగ్ విద్యార్థినులకు ఈ పని నేర్పే పాఠం ఎలా సిద్ధం చేస్తామో ఈసారి వ్రాస్తున్నాను.

మొదట ఒక చిన్న నాటిక కట్టుకోవాలి. మా నాటికలో రోగి బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన 64 ఏళ్ల పెద్దాయన. షుగరు ఉంది, కాలి పుండుతో చేరాడు. సాయంత్రం 7.30కి రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తరువాత అన్నం కక్కేశాడు. ఈ ఇన్సులిన్ అరగంటలో పని మొదలుపెట్టి, రెండు మూడు గంటలకు బలం మీద ఉంటుంది. కడుపులో తిండి లేకపోతే పది గంటల వేళకు షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మత్తు వస్తాయి. రాత్రి కాబట్టి ఆ మత్తును నిద్ర అనుకునే ప్రమాదం ఉంది.

కక్కిన సంగతి భార్య వేషం వేసే అమ్మాయికి మాత్రమే చీటీ మీద వ్రాసి ఇస్తాను. అడిగితేనే చెప్పాలి. మధ్యలో ఫోను మోగించడానికి ఒకరు, చెక్‌లిస్టు పట్టుకొని గమనించడానికి ఒకరు. ఆ కాగితంలో ఎనిమిది వరుసలే ఉంటాయి. పేరుతో పాటు ఐపీ నంబరు చూశారా, పడని మందులేమిటి, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, మిగిలిన పని ఏమిటి, విన్నది తిరిగి చెప్పారా వంటివి.

నాటిక ఐదు నిమిషాలు. ఎనిమిది వరుసలకూ టిక్కులు పడ్డాయి, అన్నం సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు!

తరువాతి చర్చకు పదిహేను నిమిషాలు కేటాయించాలి. టీచరు ముందే తప్పు చెప్పేస్తే పిల్లలు తల వంచుకుంటారు, ఇక నోరు విప్పరు. అందుకే మొదట గమనించిన అమ్మాయి తాను చూసింది, విన్నది మాత్రమే చెప్పాలి. "బాగా చేయలేదు" అనకూడదు, "ఇన్సులిన్ 7.30కి అన్నారు, భోజనం మాట రాలేదు" అనాలి. ఆ తరువాత భార్య వేషం వేసిన అమ్మాయి అచ్చం మన ఊరి యాసలోనే అంది: "తిన్న రెండు బుక్కలు గూడ కక్కిండు సిస్టరమ్మా, నన్నెవరు అడగలే." అప్పగించిన అమ్మాయిని ఎందుకు అడగలేదంటే, "కాగితంలో లేదు మేడమ్" అంది.

కాగితంలో లేనివన్నీ చేర్చుకుంటూ పోతే ఇరవై ఐదు వరుసలవుతాయి, అప్పుడు చూడకుండానే టిక్కులు పెడతారు. మేము రెండే మార్చాము. ఇన్సులిన్ పక్కనే "తిన్నారా?" అని వ్రాశాము. చివర "రోగి, ఇంటివారు చెప్పేది ఏమైనా ఉందా?" అని చేర్చాము.

అదే రోజు వేషాలు మార్చి మళ్లీ ఆడించాము. ఈసారి వచ్చిన సిస్టరు భార్యను అడిగింది, వెంటనే గ్లూకోమీటరుతో చూసి, డాక్టరుగారికి ఫోను చేసింది. షుగరు 70 కంటే తక్కువ వచ్చి, రోగి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలని, మత్తులో ఉంటే నోటి ద్వారా ఏమీ పోయకూడదని అప్పగించే సిస్టరుకు తిరిగి చెప్పింది.