గ్రైండరు ధరెంత తాతా?

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నేను పనిచేసిన నూలు మిల్లులో లెక్కలు ఇంగ్లీషు. మా ఆవిడది మదురై. చిన్నప్పుడు తాత ఎదుట పెద్దబాలశిక్ష దిద్దాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. మా పిల్లలకు మాట్లాడటం ఒక్కటే వచ్చు. రిటైరయ్యాక మనవరాలు నా ఫోనులో ఇన్‌స్టాగ్రామ్ పెట్టి ఇచ్చింది. అప్పటినుంచి పోస్టుల కింద ఆ # గుర్తుతో పడ్డ తంటాలే ఈ పాఠాలు. వరస అంకెలు వేశానే కానీ అన్నిటి బరువూ ఒకటి కాదు.

1. ట్యాగులోని మాట దుకాణం బోర్డు మీద నప్పితే, మన పోస్టు కింద నప్పదు.

మా ఇంట్లో ముప్పై ఏళ్లనాటి రాతి గ్రైండరుంది. గ్రైండర్లకు మా ఊరు పెట్టింది పేరు కాబట్టి అందులో వింత లేదు. వింతేమిటంటే, పిండి రుబ్బుతూ రుబ్బుతూ అది జరిగిపోతుంది. అరగంటలో మూల నుంచి గుమ్మం దాకా వస్తుంది. మా ఆవిడ కూర్చున్నచోటు నుంచి లేవకుండా పాదం అడ్డం పెట్టి ఆపుతుంది. ఆ పాదం, ఆ గ్రైండరు ఫొటో తీసి, "ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో పిండి రుబ్బుతోంది" అని రాసి, కింద #coimbatore #wetgrinder #idli #homemade #foodie అని తగిలించాను.

సాయంత్రానికి ముగ్గురు ధరెంత అన్నారు. ఒకాయన డెలివరీ ఉందా అని అడిగాడు. మనవరాలు ఫోను చేసింది. "తాతా, అవ్వ గ్రైండరు అమ్ముతా ఉండావా?"

ఫొటోలో తప్పు లేదు. ఆ అయిదు ట్యాగుల్లో మొదటి మూడూ ఊరి పేరు, సరుకు పేరు, సరుకుతో చేసే వంట పేరు. అంగట్లో అరకు చీటీ అంటించే పద్ధతి అదే. వాటి పక్కన చదివితే "ముప్పై ఏళ్లుగా" అన్న నా మాట గ్యారంటీలా వినిపించింది. మర్నాడు అదే ఫొటో మళ్లీ పెట్టాను. పైన "మా గ్రైండరుకు నడక అలవాటు" అని రాసి, కింద ఒకటే ట్యాగు పెట్టాను: #బ్రేకు_మా_ఆవిడ_పాదం. ధర ఎవరూ అడగలేదు. మదురై నుంచి మా బావమరిది "మా ఇంటిది వరండా దాకా పోతుంది" అని పందెం వేశాడు.

అప్పటినుంచి ఒక పని చేస్తాను. పోస్టు పెట్టకముందు ఆ ట్యాగును వెతుకుడు పెట్టెలో కొట్టి, అక్కడ ఎవరు కాపురముంటున్నారో చూస్తాను. అంతా ఫోను నంబర్లున్న పోస్టర్లయితే అది సంత, మనకొద్దు. ఏమీ లేకపోయినా, పదో పరకో ఉన్నా నవ్వుకు పనికొస్తుంది. వ్యాపారికి జనం వెతికే మాట కావాలి. హాస్యానికి ఎవరూ వెతకని మాట కావాలి.

2. పోస్టులో చెప్పింది ట్యాగులో మళ్లీ చెప్పకూడదు.

ట్యాగు పుట్టింది హాస్యానికి కాదు. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సినా అనే ఆయన, ఒకే విషయం మీద మాట్లాడేవాళ్లను ఒకచోట చేర్చడానికి ట్విట్టర్‌లో #barcamp అని రాసి, ఇలా వాడదామా అని అడిగాడు. పుస్తకానికి విషయసూచిక లాంటి పని అది. తర్వాత జనం దాన్ని నాటకంలో స్వగతంలా మార్చుకున్నారు. పాత్ర ఎదుటివాళ్లతో ఒకటి చెప్పి, మనవైపు తిరిగి ఇంకొకటి అంటుంది చూడండి, అలాగ. నవ్వంతా ఆ తిరగడంలోనే ఉంది.

ఒకసారి మా ఆవిడతో విజయవాడ వెళ్లాను. బట్టల కొట్టులో మా మాట విని అబ్బాయి మెచ్చుకున్నాడు. "తెలుగు బాగా నేర్చుకున్నారు సార్, ఎన్నాళ్లయింది?" మా ఆవిడ నావైపు చూసింది, నేను చీరవైపు చూశాను. ఆ ప్రశ్నకు జవాబు కొన్ని వందల ఏళ్ల వెనక ఉంది. విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టిన ఏడు 1529 అంటారు. మాలాంటి తమిళనాటి తెలుగువాళ్లు చాలామంది తమ పెద్దల వలసను ఆ నాయకుల కాలంతోనో, అంతకు ముందరి విజయనగర దండయాత్రలతోనో ముడిపెట్టి చెప్పుకుంటారు.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని, కొట్టులో జరిగింది జరిగినట్టు మూడు వాక్యాల్లో రాశాను. ట్యాగు దగ్గర ఆగిపోయాను. ముందు #తెలుగు #గర్వంగాఉంది అని కొట్టి చెరిపేశాను, సభలో మైకు పట్టుకున్నట్టుంది. తర్వాత #నాయకరాజులకాలంనుంచి అని కొట్టాను. అదీ పాఠం చెప్పినట్టే ఉంది. చివరికి కుదిరింది: #ఐదువందలేళ్ల_కోర్సు.

ఇది ఎందుకు కుదిరిందంటే, "ఎన్నాళ్లయింది" అన్న ఆ అబ్బాయి ప్రశ్నకు పోస్టులో నేను జవాబు రాయలేదు. జవాబు ట్యాగులో ఉంది. పైది చదవనిదే కిందిది అర్థం కాదు, కిందిది లేకపోతే పైది ముగియదు. అబ్బాయిని వెక్కిరించినట్టు కూడా లేదు, మమ్మల్ని మేమే మొద్దు విద్యార్థులు అనుకున్నట్టుంది. ఇంటి హాస్యంలో దెబ్బ మనమీదే పడాలని నా పట్టుదల.

3. మాటలు కలిపి రాసేముందు పైకి చదువుకోవాలి.

ట్యాగులో ఖాళీ పనికిరాదు. ఖాళీ దగ్గర, చుక్క దగ్గర, అడ్డగీత దగ్గర అది తెగిపోతుంది. ఎంతవరకు రంగు మారిందో అంతవరకే ట్యాగు. అందుకని అందరూ మాటలు అంటించేస్తారు. అక్కడే ప్రమాదం.

మా అమ్మ తొంభై దాటిన మనిషి. జారిపడి కాలు విరిగింది. మూడు నెలలకు కర్ర పట్టుకుని వాకిట్లోకి నడిచింది. ఆ సంతోషంలో ఫొటో పెట్టి #అమ్మకాలు అని రాశాను, పక్కన #కోయంబత్తూరు కూడా. తెలుగు చదవగలిగిన నా పాత సహోద్యోగి ఒకడు, ఒంగోలు మనిషి, వెంటనే రాశాడు: "ఏమిటోయ్, ఏం అమ్ముతున్నావ్?" అమ్మ, కాలు అనుకుని నేను రాశాను. వాడు అమ్మకాలు అని చదివాడు. వాడి తప్పేమీ లేదు, అచ్చుపుస్తకంలో ఆ అక్షరాలు అలా కలిసి కనబడితే నేనైనా అలాగే చదువుతాను.

ఇంగ్లీషువాళ్లకూ ఈ చిక్కు తప్పలేదు. 2013 ఏప్రిల్ 8న బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ పోయినప్పుడు #nowthatchersdead అనే ట్యాగు తిరిగింది. థాచర్ పోయిందని రాసినదాన్ని కొందరు మరోచోట విరిచి, గాయని షెర్ పోయిందని చదివి బాధపడ్డారు. వాళ్లకు ప్రతి మాట మొదట పెద్దక్షరం పెట్టుకునే వీలుంది. మన లిపిలో పెద్దా చిన్నా లేవు. కాబట్టి మనకు దిక్కు కిందిగీత ఒక్కటే: #అమ్మ_కాలు. అది పెడితే ట్యాగు తెగదు, మాట విరుగుతుంది. తెలుగువాడికి సంధి చేయడం పుట్టుకతో వచ్చిన సరదా, కానీ ఇక్కడ విసంధే మేలు.

కావాలనే రెండర్థాలు పెట్టడం వేరే సంగతి. నెల తర్వాత అమ్మ వీధి చివరి దాకా నడిచినప్పుడు, తెలిసే రాశాను: #అమ్మకాలు_పుంజుకున్నాయి. ఈసారి ఊరి పేరు పెట్టలేదు. పైన "రెండు కాళ్లూ సహకరిస్తున్నాయి" అని విప్పి చెప్పాను కాబట్టి ఒంగోలువాడు కూడా నవ్వాడు.

4. నవ్వాల్సినవాళ్లు ఏ లిపి చదువుతారో ఆ లిపిలో రాయాలి.

మా వాళ్లలో సగంమంది తెలుగును తమిళ అక్షరాల్లో రాస్తారు. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. క, గ రెండింటికీ ఒకటే. మదురైలో మా మేనత్త కొడుకు పెళ్లిఫొటో కింద ఎవరో తమిళ అక్షరాల్లో "మా బావ" అని ట్యాగు పెట్టారు. అది "పావ" అని కూడా చదువుకోవచ్చు. తమిళంలో పావం అంటే అయ్యోపాపం. పెళ్లికొడుకు మొహం కూడా దానికి తగ్గట్టే ఉంది. తర్వాత పిల్లలు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో #baava_pavam అని స్థిరం చేసేశారు. అటు తెలుగు, ఇటు తమిళం, ఎవరికి చూపినా నవ్వు ఖాయం. నేను తెలుగు లిపిలో ఎంత చమత్కరించినా మా ఇంటి పిల్లలకు అది ముగ్గులా కనబడుతుంది.

5. ఒకటి చాలు, మూడు హద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌లో చాలాకాలం ముప్పై దాకా పెట్టుకోనిచ్చారు. ఇస్తే మాత్రం పెట్టుకోవాలా? ముప్పై ట్యాగులు వరసగా చూస్తే దర్బారులో భట్టు బిరుదులు చదువుతున్నట్టుంటుంది. రాజుగారు ఎప్పుడొస్తారా అని జనం కాళ్లు మార్చుకుంటారు. రెండు పెడితే సాదాది ముందు, తమాషాది చివర. నవ్వు తర్వాత ఇంకో ట్యాగు పెడితే, జోకు చెప్పి వివరించినట్టే.

6. ప్రకటన గుర్తుతో పరాచికం వద్దు.

మా అల్లుడు కొనిచ్చిన కాఫీ ఫిల్టరు ఫొటోకు తమాషాగా #ad అని పెట్టాను. డబ్బాపై కంపెనీ పేరు స్పష్టంగా కనబడుతోంది. మా చిన్నాన్న కొడుకు ఫోను చేసి, ఎంతిచ్చారు అని గొంతు తగ్గించి అడిగాడు. నమ్మించడానికి వారం పట్టింది. డబ్బో, ఉచిత సరుకో తీసుకుని పెట్టే పోస్టుకు ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లో నియమం పెట్టింది. #ad అలాంటి గుర్తే. కాబట్టి అది వేషం కాదు, యూనిఫాం. అంతగా ఆశపడితే కంపెనీ పేరు కనబడకుండా ఫొటో తీసి #ఖర్చు_అల్లుడిది అనొచ్చు.

7. ఊరంతా వాడే ట్యాగు పెట్టక తప్పని రోజులుంటాయి.

చిత్తిరై పండుగకు మదురై వెళ్లాం. పౌర్ణమినాడు అళగరు స్వామి వైగై నదిలోకి దిగడం చూడటానికి తెల్లవారకముందే ఒడ్డున నిలబడ్డాం. గుర్రం వాహనం మీద స్వామి కనబడ్డది రెండు నిమిషాలు. తోపులాటలో నా కుడికాలి చెప్పు పోయింది. ఒంటికాలి చెప్పుతో నిలబడ్డ నన్ను మనవరాలు ఫొటో తీసింది. పండుగ ఫొటోలు వెతుక్కునే బంధువులకు దొరకాలని #chithiraifestival #madurai పెట్టి, చివర నాది చేర్చాను: #స్వామి_దిగాడు_చెప్పు_కొట్టుకుపోయింది.

బంధువులు నవ్వారు. ఇద్దరు తమ చెప్పులు పోయిన కథలు రాశారు. మధ్యాహ్నం ఎవరో తెలియనాయన తమిళంలో అడిగాడు, సైజెంత సార్ అని. ఆయన పేరు నొక్కి చూస్తే చెప్పుల దుకాణం.