రంగు ఒక్కటే చాలదు

2020 ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్యశాఖ కరోనా కోసం జిల్లాలను మూడు జోన్లు చేసింది. మన మోత్కూరు ఉన్న యాదాద్రి భువనగిరి గ్రీన్, పక్కనున్న నల్లగొండ ఆరెంజ్, ఇంకోపక్క సూర్యాపేట రెడ్. ఈ మూడింటినీ పటంలో రంగులతోనే చూపి వెబ్ పేజీలో పెడితే అందరికీ తెలుస్తుందా?

తెలియదు. ఎరుపును, ఆకుపచ్చను విడదీసే శంకు కణాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవానికి ఎక్స్ ఒక్కటే గనుక, అందులో లోపముంటే ఆదుకొనే రెండోది లేదు. అందుకే ఈ వర్ణాంధత్వం మగవాళ్లలోనే ఎక్కువ. వారికి పై మూడు రంగులు మట్టిపసుపు ఛాయలుగా కలిసిపోవచ్చు. ట్రాఫిక్ దీపమైతే ఎరుపు పైన, ఆకుపచ్చ కింద అని చోటును బట్టి పోల్చుకుంటారు. పటంలో ఆ ఆసరా లేదు, పక్కనిచ్చే రంగుల సూచిక కూడా అక్కరకు రాదు.

ముదురు, లేత తేడా ఉన్నా కొంత నయమే. కానీ వెబ్ పేజీలో `red`, `green` అని రాస్తే వచ్చే రంగుల మధ్య కాంతి నిష్పత్తి లెక్కకడితే 1.28 మాత్రమే. గుర్తులకు, బొమ్మలకు కనీసం 3 ఉండాలని వెబ్ ప్రమాణం.

కాబట్టి జిల్లా పేరు కిందనే "రెడ్" అని రాయాలి. అక్షరాలు పట్టని చోట రెడ్‌కు అడ్డగీతలు, ఆరెంజ్‌కు చుక్కలు వేసి, గ్రీన్‌ను ఖాళీగా వదలాలి. పటాన్ని నలుపు తెలుపులో జిరాక్స్ తీసి చూడండి, అందులోనూ మూడూ వేరుగా కనబడితే గట్టెక్కినట్టే.

దరఖాస్తు ఫారాలదీ ఇదే గొడవ. తప్పిన గడికి ఎర్ర అంచు గీసి ఊరుకుంటారు. "పుట్టిన తేదీ నింపలేదు" అని ఆ గడి కిందనే రాస్తే చాలు.