ఆ ఐదుగురు ఏ గడిలో ఉన్నారు?

మన ల్యాబ్‌లో చాలామంది వాడే బ్రెస్ట్ క్యాన్సర్ డేటాసెట్ sklearn తోనే వస్తుంది. రొమ్ములో గడ్డ నుంచి సూదితో తీసిన కణాల కొలతలు అవి. మొత్తం 569 కేసులు. వాటిలో 212 క్యాన్సర్, 357 కాదు. ఇక్కడ నేను ముందు చూసేది లేబుల్స్. ఇందులో 0 అంటే క్యాన్సర్, 1 అంటే క్యాన్సర్ లేదు. మామూలుగా మనం అనుకునేదానికి ఇది రివర్స్.

143 కేసులు టెస్ట్‌కి పక్కన పెట్టామనుకుందాం. మోడల్ ఈ కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ ఇచ్చిందనుకోండి:

```
[[48  5]
 [ 2 88]]
```

sklearn లో అడ్డ వరస నిజం, నిలువు వరస మోడల్ చెప్పిన జవాబు. పై వరసలో నిజంగా క్యాన్సర్ ఉన్నవాళ్లు 53 మంది. 48 మందిని మోడల్ పట్టుకుంది, ఐదుగురిని ఏమీ లేదని పంపేసింది. కింది వరసలో ఏమీ లేని 90 మందిలో ఇద్దరిని ఊరికే భయపెట్టింది.

యాక్యురసీ 95%. recall_score అడిగితే 97.8% అంటుంది. సూపర్ అనిపిస్తుంది కదా? కానీ ఆ ఫంక్షన్ ఏమీ చెప్పకపోతే 1 నే పాజిటివ్ అనుకుంటుంది. అంటే అది చేసిన లెక్క 88/90. ఆ ఐదుగురు ఈ లెక్కలోకి రానే లేదు. మనకి కావాల్సింది ఇది:

```python
recall_score(y_test, y_pred, pos_label=0)
```

ఇప్పుడు 48/53, అంటే 90.6%. ఉన్న క్యాన్సర్లలో ఎన్ని దొరికాయో చెప్పేది రీకాల్. క్యాన్సర్ అని చెప్పిన 50 మందిలో ఎంతమందికి నిజంగా ఉందో చెప్పేది ప్రెసిషన్: 48/50, 96%.

రెండు తప్పులూ ఒకటి కాదు. ఊరికే భయపడినవాళ్లకి ఇంకో టెస్ట్, కొన్ని నిద్రలేని రాత్రులు. వదిలేసినవాళ్లకి జబ్బు ముదిరిపోవచ్చు. ఒకర్ని వదిలేయడం 20 తప్పుడు అలారాలతో సమానం అనుకుందాం (అసలు ఈ అంకె చెప్పాల్సింది డాక్టర్లు). అప్పుడు పై మోడల్ ఖర్చు 5×20 + 2 = 102.

మామూలుగా క్యాన్సర్ ప్రాబబిలిటీ 0.5 దాటితేనే మోడల్ క్యాన్సర్ అంటుంది. ఆ గీతని 0.2 కి దించితే ఇలా మారిందనుకోండి:

```
[[52  1]
 [ 9 81]]
```

యాక్యురసీ 93% కి, ప్రెసిషన్ 85% కి పడిపోయాయి. రీకాల్ మాత్రం 98% అయింది, ఖర్చు 29 కి దిగింది. మార్కుల ప్రకారం ఓడిన మోడలే పేషెంట్‌కి మేలు.

ఒక జాగ్రత్త. ఆ 0.2 ని టెస్ట్ డేటా చూసి ఎంచుకోకూడదు, దానికి వేరే వాలిడేషన్ సెట్ ఉంచుకోవాలి. పైగా క్యాన్సర్ కేసులు 53 మాత్రమే కాబట్టి, ఒక్క మనిషి గడి మారితే రీకాల్ దాదాపు 2% కదులుతుంది. అందుకే రిపోర్ట్‌లో శాతాలతో పాటు ఆ నాలుగు అంకెలూ, పాజిటివ్ అంటే ఏ క్లాసో కూడా రాయండి.