దద్దురు వయసు, జబ్బు వయసు

చర్మ వైద్యశాలలో పాత కేసు షీట్లను ఒకే తీరు రిజిస్టర్‌లోకి ఎక్కించే పనికి కొత్తగా వచ్చిన పిల్లలకు నేను చెప్పే మాటలివి.

1. రూపం గడిలో జబ్బు పేరు రాయకండి. షీటులో 'సోరియాసిస్ మచ్చలు' అని ఉంటే అది డాక్టరు నిర్ణయం, దానికి వేరే గడి ఉంది. రూపానికి రెండు సంగతులు కావాలి: తడిమితే ఎత్తు తగిలిందా, అడ్డం 1 సెం.మీ. దాటిందా? ఎత్తు లేకపోతే లోపుది మాక్యూల్, దాటినది ప్యాచ్. ఎత్తుంటే లోపుది పాప్యూల్, దాటి పైన చదునుగా ఉన్నది ప్లాక్. కొన్ని పుస్తకాలు అర సెంటీమీటరు దగ్గరే గీత గీస్తాయి. ఏదో ఒకటి ఎంచుకుని రిజిస్టర్ మొదటి పేజీలో రాసిపెట్టండి. ఎత్తూ కొలతా లేని 'మచ్చ'కు 'తెలియదు' అనే రాయాలి.

2. వ్యాప్తిలో చోటు వేరు, తీరు వేరు. 'కుడి ఛాతీ మీద పట్టీలా నీటి పొక్కులు' అంటే చోటు కుడి ఛాతీ, తీరు పట్టీ. సర్పి అని మనకు తోచినా ఇక్కడ రాయం.

3. అందరూ తడబడేది కాలం దగ్గరే. ఒక షీటు చూడండి: 'మూడు నెలలుగా ఒళ్లంతా దద్దుర్లు, దురద. రాత్రి లేస్తాయి, తెల్లారేసరికి పోతాయి. ఇప్పుడు ముంజేతుల మీద ఉన్నాయి.' దీన్ని ఒకరు 'మూడు నెలలు' అని, ఇంకొకరు 'ఒక రాత్రి' అని ఎక్కిస్తారు. ఇద్దరిదీ నిజమే, గడి ఒక్కటే ఉండటం తప్పు. నేనైతే ఇలా విడదీస్తాను. రూపం: వీల్. వ్యాప్తి: రోగి చెప్పింది ఒళ్లంతా, డాక్టరు చూసింది ముంజేతులు. జబ్బు వయసు: మూడు నెలలు. ఒక్కో దద్దురు వయసు: 24 గంటల లోపు.

ఆరు వారాలు దాటింది కనుక ఇది దీర్ఘకాలిక అర్టికేరియా లెక్కలోకి వస్తుంది. అదే ఒక్కో దద్దురు 24 గంటలు దాటి నిలిచి, దురదకన్నా మంటగా ఉండి, పోతూ కమిలిన మరక వదిలితే రక్తనాళాల వాపును అనుమానించి బయాప్సీకి పంపాలి. జబ్బు వయసు రెండింటిలోనూ మూడు నెలలే కావచ్చు, తేడా దద్దురు వయసు గడిలోనే కనిపిస్తుంది. పాత షీట్లలో ఈ సంగతి తరచూ ఉండదు. జబ్బు పేరు చూసి ఊహించి నింపొద్దు. కొత్త రోగులకైతే ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీసి మర్నాడు చూడమంటే సరి.

4. 'సంక్రాంతి నుంచి' అని ఉంటే చూపించుకున్న తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి. 'చాలా రోజులుగా' అన్నదానికి అంకె కట్టొద్దు.

5. షీటులోని అసలు వాక్యం పక్క గడిలో ఉన్నదున్నట్టు ఉండాలి. కొన్ని షీట్లను ఇద్దరు విడివిడిగా ఎక్కించి పోల్చండి. ప్యాచ్, ప్లాక్ దగ్గర పేచీ వస్తే ముందు ఫొటో తెరవకండి, ఎత్తు ఫొటోలో సరిగా తెలియదు. తడిమిన డాక్టరు ఏం రాశారో మళ్లీ చదవండి.