తొట్టి నిండుతుందా, ఖాళీ అవుతుందా?

బస్తర్‌లోని గొల్లపల్లిలో నీళ్లు నిండిన తొట్టి ఒకటి ఉందనుకుందాం. కుళాయి ఒక్కటే అయితే ఖాళీ తొట్టిని 6 గంటల్లో నింపుతుంది. అడుగు గొట్టం ఒక్కటే అయితే నిండు తొట్టిని 4 గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిస్తే?

గంటకు వచ్చేది 1/6 వంతు, పోయేది 1/4 వంతు. వచ్చేదాంట్లోంచి పోయేది తీసేయాలి:

1/6 − 1/4 = −1/12

ఏ ఊరికి బదిలీ అయినా మేం నోటుపుస్తకాల్లో చూసేది ఒకటే. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసే అలవాటుతో "12 గంటల్లో నిండును" అని రాసేస్తారు. 12 సరైనదే, "నిండును" తప్పు. ఋణ గుర్తు వచ్చిందంటే నీరు తగ్గుతోందని అర్థం.

సరిచూద్దాం. 12 గంటల్లో కుళాయి పోసేది 2 తొట్ల నీళ్లు, గొట్టం వదిలేది 3 తొట్లు. మొదట ఉన్న తొట్టెడు నీళ్లూ పోయాయి. సగమే ఉంటే 6 గంటలు చాలు. ఖాళీ తొట్టితో మొదలుపెడితే మాత్రం అది ఎన్నటికీ నిండదు.