క్యూపీసీఆర్‌లో విస్తరణ సామర్థ్య లోపాలు, అసాధారణ మెల్ట్ కర్వులు: వేరుశనగ ఆకు నమూనాల ఆధారంగా లోప నిర్ధారణ

బెట్ట పరిస్థితుల్లో వేరుశనగ జన్యువుల వ్యక్తీకరణను కొలిచేందుకు సైబర్ గ్రీన్ ఆధారిత క్యూపీసీఆర్ పద్ధతిని విద్యార్థులు విరివిగా వాడుతున్నారు. నీటి తడి ఇచ్చిన మొక్కకూ, బెట్టకు గురైన మొక్కకూ మధ్య ఒక జన్యువు ఎన్ని రెట్లు పెరిగిందో తేల్చడమే ఈ కొలత లక్ష్యం. ప్రతి చక్రంలోనూ డీఎన్‌ఏ ప్రతులు రెట్టింపు అవుతాయనే ఊహపైన ఈ లెక్క నిలిచి ఉంటుంది. ఆ ఊహ తప్పినప్పుడు యంత్రం ఎటువంటి హెచ్చరికా ఇవ్వదు. తప్పు అంకె కూడా ఒప్పు అంకె వలెనే కనిపిస్తుంది. ఇటువంటి లోపాన్ని గుర్తించే క్రమాన్ని ఒక ఉదాహరణ ద్వారా ఈ వ్యాసం వివరిస్తుంది.

సామర్థ్యపు అంకె ఏమి చెబుతుంది, ఏమి దాస్తుంది

సీడీఎన్‌ఏను పదేసి రెట్లు పలుచన చేస్తూ ఐదు గొట్టాలు సిద్ధం చేసి, వాటి సీటీ విలువలను పలుచన సంవర్గమానానికి ఎదురుగా గీస్తే ప్రామాణిక రేఖ వస్తుంది. ఆ రేఖ వాలు నుండి సామర్థ్యాన్ని ఇలా లెక్కిస్తారు:

```
E = 10^(-1/slope) - 1
```

వాలు -3.32 ఉంటే సామర్థ్యం 100 శాతం. సాధారణంగా 90 నుండి 110 శాతం వరకు, అంటే వాలు సుమారు -3.6 నుండి -3.1 వరకు, ఆమోదయోగ్యంగా భావిస్తారు. తక్కువ సామర్థ్యం ఎంత లోపమో, 110 శాతాన్ని మించిన సామర్థ్యం కూడా అంతే లోపం. ఒక చక్రంలో ఒక ప్రతి రెండు ప్రతులకు మించి కాలేదు కనుక, అధిక సామర్థ్యం కనిపించిందంటే కొలతలో ఎక్కడో వక్రత చేరిందని అర్థం.

వేరుశనగ ఆకు సీడీఎన్‌ఏతో ఒక రిఫరెన్స్ జన్యువుకు ఈ క్రింది విలువలు వచ్చాయనుకొనవచ్చు.

| పలుచన | సీటీ | ముందు గొట్టంతో తేడా |
|---|---|---|
| పలుచన చేయనిది | 19.6 | – |
| 1:10 | 22.0 | 2.4 |
| 1:100 | 25.3 | 3.3 |
| 1:1000 | 28.6 | 3.3 |
| 1:10000 | 31.4 | 2.8 |
| టెంప్లేట్ లేని కంట్రోల్ | 33.4 | – |

ఈ ఐదు బిందువుల గుండా గీసిన రేఖ వాలు -3.02. సామర్థ్యం 114 శాతం. నిర్ణయ గుణకం మాత్రం 0.997 కావడం గమనార్హం. రేఖ నిటారుగా ఉందన్న తృప్తితో విద్యార్థి ఇక్కడే పొరపడే అవకాశం ఉంది. ఎనీలింగ్ ఉష్ణోగ్రతను మార్చి మరల రన్ చేయడం సాధారణంగా కనిపించే తొలి ప్రతిస్పందన. అయితే పట్టికలోని మూడవ నిలువు వరుసను చదివితే ప్రైమర్లలో ప్రధాన లోపం లేదని తెలుస్తుంది. మధ్య మూడు బిందువుల మధ్య తేడాలు 3.3 చొప్పున సరిగానే ఉన్నాయి. లోపం రెండు చివరలలోనే ఉన్నది, పైగా ఆ రెండింటికి కారణాలు వేరువేరు.

పై చివర: నిరోధకాలు

మధ్య బిందువుల ప్రకారం పలుచన చేయని నమూనా సీటీ 18.7 రావలసి ఉండగా 19.6 వచ్చింది. దాదాపు ఒక చక్రం ఆలస్యమైంది. వేరుశనగ ఆకులలోని పాలీఫినాల్స్, పాలీశాకరైడ్లు ఆర్‌ఎన్‌ఏతో పాటు వచ్చి పాలిమరేజ్ పనిని మందగింపజేస్తాయి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ మిశ్రమంలోని పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. అందువలన సీడీఎన్‌ఏ పరిమాణం క్యూపీసీఆర్ మిశ్రమంలో పదవ వంతుకు మించరాదు. పది రెట్లు పలుచన చేయగానే నిరోధకాలు కూడా పది రెట్లు తగ్గి చర్య కోలుకుంటుంది. మొదటి తేడా 3.3కు బదులు 2.4 రావడానికి కారణం ఇదే.

ఆర్‌ఎన్‌ఏ దశలో 260/280 నిష్పత్తి 2.0 దగ్గర ఉన్నంత మాత్రాన నమూనా శుభ్రమైనదని చెప్పలేము. 260/230 నిష్పత్తి బాగా తగ్గి ఉంటే ఫినాల్స్, పాలీశాకరైడ్లు లేదా గ్వానిడిన్ లవణాలు మిగిలి ఉన్నట్లు అనుమానించాలి. సీటాబ్ ద్రావణంలో పాలీవినైల్ పైరోలిడోన్, బీటా-మెర్‌కాప్టోఇథనాల్ చేర్చడం, ఆపై ఆర్‌ఎన్‌ఏను లిథియం క్లోరైడ్‌తో అవక్షేపింపజేయడం దీనికి మూల చికిత్స. నమూనా తిరిగి తీసే వీలు లేనప్పుడు 1:10 పలుచన నుండి కొలతలు ప్రారంభించడం సరళమైన మార్గం.

కింది చివర: ప్రైమర్ డైమర్లు

చివరి గొట్టంలో సీటీ 31.9 రావలసి ఉండగా 31.4 వచ్చింది. ఇక్కడ సంకేతం ఆలస్యం కాలేదు, ముందుగా వచ్చింది. దీనికి వివరణ మెల్ట్ కర్వులో దొరుకుతుంది. మొదటి నాలుగు గొట్టాలలో 83.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒకే శిఖరం ఉన్నది. చివరి గొట్టంలో దానితో పాటు 75 డిగ్రీల వద్ద ఒక చిన్న, వెడల్పైన శిఖరం కనిపించింది. టెంప్లేట్ లేని కంట్రోల్‌లో 75 డిగ్రీల శిఖరం మాత్రమే ఉన్నది. ఒకదానికొకటి అతుక్కొని విస్తరించిన ప్రైమర్లు పొట్టివి కనుక తక్కువ ఉష్ణోగ్రతకే విడిపోతాయి. సైబర్ గ్రీన్ ఏ రెండు పోగుల డీఎన్‌ఏకైనా అంటుకుంటుంది కనుక వాటి కాంతి కూడా సీటీ లెక్కలో కలుస్తుంది. టెంప్లేట్ సమృద్ధిగా ఉన్నచోట డైమర్లకు అవకాశం చిక్కదు. టెంప్లేట్ అరుదైన చోట అవి బయటపడతాయి.

కంట్రోల్‌లో 83.5 డిగ్రీల శిఖరమే వచ్చి ఉంటే నిర్ధారణ పూర్తిగా మారేది. అప్పుడది డైమర్ కాదు, కారకాలలో చేరిన కలుషిత డీఎన్‌ఏ. అందుచేత కంట్రోల్ సీటీ విలువను దాని మెల్ట్ శిఖరంతో కలిపి చదవాలి.

నివారణకు ప్రైమర్ల గాఢతను 400 నుండి 200 నానోమోలార్‌కు తగ్గించి చూడాలి. చాలని పక్షంలో ఎనీలింగ్ ఉష్ణోగ్రతను రెండేసి డిగ్రీలు పెంచి చూడాలి. ఈ రెండు మార్పులను ఒకే రన్‌లో కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండూ ఫలించకపోతే, 3' కొనలు పరస్పరం జతకట్టని కొత్త ప్రైమర్లను రూపొందించాలి.

తేడాలు సమంగా ఉండి సామర్థ్యం తగ్గినప్పుడు

అదే పలుచన గొట్టాలతో లక్ష్య జన్యువును కొలిచినప్పుడు 1:10, 1:100, 1:1000 వద్ద సీటీ విలువలు వరుసగా 24.1, 28.0, 31.9 వచ్చాయనుకొనవచ్చు. వాలు -3.9, సామర్థ్యం 80 శాతం. ఇక్కడ తేడాలు రెండూ సమానమే. కనుక చివరల లోపం కాదు.

మొదట పలుచనలోనే తప్పు జరిగిందా అని చూడాలి. పిపెట్ ప్రతిసారీ తక్కువ తీసుకొని, పది రెట్లకు బదులు పన్నెండు రెట్లు పలుచన అయితే, ప్రైమర్లు నిర్దోషమైనవైనా తేడా 3.58 వస్తుంది. సామర్థ్యం 90 శాతంగా కనిపిస్తుంది. అయితే పలుచనలో దోషం ఉంటే అది ఆ గొట్టాలను వాడిన ప్రతి జన్యువులోనూ కనిపించాలి. రిఫరెన్స్ జన్యువు అవే గొట్టాలలో 3.3 ఇచ్చింది కనుక పలుచన సరైనదే. లోపం లక్ష్య జన్యువు ప్రైమర్లలోనో, అవి విస్తరించే ఖండంలోనో ఉన్నది.

ఈ జన్యువు మెల్ట్ కర్వులో అన్ని గొట్టాలలోనూ 79.5, 85 డిగ్రీల వద్ద రెండు శిఖరాలు కనిపించాయి. టెంప్లేట్ లేని కంట్రోల్ ఖాళీగా ఉన్నది కనుక ఇవి డైమర్లు కావు. మిగిలిన కారణాలను ఒక్కొక్కటిగా తొలగించాలి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చేర్చని కంట్రోల్‌లో విస్తరణ లేదు కనుక జీనోమిక్ డీఎన్‌ఏ కాదు. 2.5 శాతం అగరోస్ జెల్‌పై 260 బేస్ జతల వద్ద ఒకే పట్టీ వచ్చింది కనుక వేరే పొడవు గల అవాంఛిత ఖండం లేదు.

వేరుశనగ విషయంలో పరిశీలన ఇక్కడితో ఆగరాదు. ఇది ఎ, బి అనే రెండు జీనోములు గల అల్లోటెట్రాప్లాయిడ్ పంట. రెండు జీనోములలోని సోదర జన్యువులు ఒకే పొడవు గల ఖండాలనిస్తాయి. జెల్ వాటిని వేరు చేయలేదు. కొద్ది బేసుల తేడా మాత్రం మెల్ట్ కర్వులో భుజంగానో, రెండవ శిఖరంగానో కనిపించవచ్చు. సీక్వెన్సింగ్ చేసినప్పుడు కొన్ని స్థానాలలో జంట శిఖరాలు వస్తే రెండు ప్రతులూ విస్తరిస్తున్నట్లు అర్థం. అప్పుడు కొలుస్తున్నది ఏ ప్రతినో తేల్చుకొని, ఒక ప్రతి మాత్రమే కావాలంటే రెండింటికీ తేడా ఉన్న బేసుపై ప్రైమర్ 3' కొన ఉండేలా రూపొందించాలి.

ఈ ఉదాహరణలో సీక్వెన్స్ ఒక్కటే వచ్చింది. ఆ సీక్వెన్స్‌ను uMelt వంటి సాఫ్ట్‌వేర్‌లో ఇస్తే ఒకే ఖండానికి రెండు శిఖరాలు రాగలవని అంచనా వచ్చింది. ఖండంలో ఒక సగం ఏ-టీ బేసులతోనూ, మరొక సగం జీ-సీ బేసులతోనూ నిండి ఉండడంతో రెండు సగాలూ వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద విడిపోతున్నాయి. అంటే రెండు శిఖరాలు రెండు ఉత్పత్తులకు సాక్ష్యం కాదు. అయినా అవి ఒక సూచన ఇస్తున్నాయి. 260 బేస్ జతల పొడవు, గట్టిగా ముడివడే జీ-సీ భాగం కలిసి ప్రతి చక్రంలోనూ కొన్ని పోగులను అసంపూర్తిగా వదిలివేస్తున్నాయి. ఎక్సాన్ సంధిపై కూర్చొనే కొత్త ప్రైమర్లతో ఖండాన్ని 105 బేస్ జతలకు కుదించినప్పుడు వాలు -3.38కు, సామర్థ్యం 98 శాతానికి చేరి, మెల్ట్ కర్వులో ఒకే శిఖరం మిగిలింది.

ఫలితంపై ప్రభావం

లక్ష్య జన్యువు సీటీ బెట్ట మొక్కలో 4 చక్రాలు ముందుగా వచ్చిందనుకుంటే, సామర్థ్యం 100 శాతమని భావించినప్పుడు పెరుగుదల 16 రెట్లు. నిజ సామర్థ్యం 80 శాతమైతే అది 10.5 రెట్లే. సామర్థ్యాన్ని లెక్కలో చేర్చే ఫాఫ్ల్ సూత్రం, 2001, ఈ తేడాను సవరించగలదు.

నిరోధకాల దోషాన్ని మాత్రం ఏ సూత్రమూ సవరించలేదు. ప్రామాణిక రేఖను సాధారణంగా అన్ని నమూనాల మిశ్రమంతో గీస్తారు. ఒక్కొక్క నమూనాలోని నిరోధకాల మోతాదు అందులో కనిపించదు. బెట్టకు గురైన ఆకులలో ఫినాల్స్ పెరిగే అవకాశం ఉన్నందున ఆలస్యం ఒక ట్రీట్‌మెంట్‌లోనే ఎక్కువగా చేరవచ్చు. నిరోధకాలు అన్ని ఖండాలనూ సమానంగా బాధించవు కనుక రిఫరెన్స్ జన్యువుతో పోల్చినంత మాత్రాన ఆ దోషం రద్దు కాదు. అప్పుడు జన్యువులో లేని మార్పు ట్రీట్‌మెంట్ ప్రభావంగా నమోదవుతుంది. రెప్లికేషన్లు పెంచినా అది తొలగదు.

కనుక ప్రతి ట్రీట్‌మెంట్ నుండి కనీసం రెండు మూడు నమూనాలను 1:10, 1:40 పలుచనలలో విడివిడిగా కొలవాలి. రెండింటి మధ్య తేడా 2 చక్రాలు ఉండాలి. తడి ఇచ్చిన నమూనాలలో 2.0 వచ్చి, బెట్ట నమూనాలలో 1.5 మాత్రమే వస్తే, ఆ ఆర్‌ఎన్‌ఏను మరల శుద్ధి చేయనిదే వ్యక్తీకరణ ఫలితాలను నివేదించరాదు. 2009లో వెలువడిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు ప్రామాణిక రేఖ వాలును, సామర్థ్యాన్ని, టెంప్లేట్ లేని కంట్రోల్ సీటీని వెల్లడించాలని కోరుతున్నాయి. పరిశోధన గ్రంథంలో వీటితో పాటు ట్రీట్‌మెంట్ వారీ పలుచన తేడాలను కూడా ఒక పట్టికగా చేర్చితే, ఫలితం మొక్కదో, నిరోధకాలదో చదివేవారు స్వయంగా తేల్చుకోగలుగుతారు.