జీతంతో పాటు పెరిగే పొదుపు – దాని నేటి విలువ ఎంత?

మన ఇళ్లలో ఊళ్లు మారినా మారనిది ఒకటుంది: జీతం స్లిప్పు. ఏడవ వేతన సంఘం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మూల వేతనం ఏటా 3 శాతం పెరుగుతుంది. దానికి తోడు డీఏ కూడా పెరుగుతూ ఉంటుంది. కాబట్టి జీతంలో పదో వంతు దాచుకునే కుటుంబం దాచే మొత్తం కూడా ఏటా పెరుగుతుంది. ఇలా ఒకే రేటున పెరుగుతూ, నిర్ణీత కాలం పాటు సాగే చెల్లింపుల వరుసనే పెరిగే యాన్యుటీ అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఉద్యోగి మూల వేతనం, డీఏ కలిపి నెలకు 50,000 రూపాయలు. తప్పనిసరి కోతలు కాక, అందులో పదో వంతు, అంటే ఏడాదికి 60,000 రూపాయలు సొంతంగా దాచాలనుకున్నారు. జీతం ఏటా 6 శాతం పెరుగుతుందని, పొదుపుపై 8 శాతం వడ్డీ వస్తుందని, 20 ఏళ్లు దాస్తారని అనుకుందాం. ఇంతలో వారి చేతికి 7 లక్షలు వచ్చాయి. "ఈ డబ్బు ఇప్పుడే ఒకేసారి వేసేస్తే, ఏటా దాచే పని తప్పుతుందా?" అన్నది ప్రశ్న. జవాబు కావాలంటే ఆ 20 చెల్లింపుల నేటి విలువ తెలియాలి.

మొదటి చెల్లింపు C, పెరుగుదల రేటు g, వడ్డీ రేటు r, సంవత్సరాలు n అనుకుందాం. చెల్లింపు ప్రతి ఏడాది చివర జరుగుతుంది. ఏడాది తర్వాత వచ్చే రూపాయి నేటి విలువ 1/(1+r), రెండేళ్ల తర్వాత వచ్చే దానిది 1/(1+r)². కాబట్టి మొత్తం నేటి విలువ:

S = C/(1+r) + C(1+g)/(1+r)² + … + C(1+g)ⁿ⁻¹/(1+r)ⁿ

ఇది 11వ తరగతిలో మనం చదివే గుణశ్రేఢే. మొదటి పదం a = C/(1+r), సామాన్య నిష్పత్తి k = (1+g)/(1+r). S నుంచి kS తీసివేస్తే మధ్య పదాలన్నీ కొట్టుకుపోతాయి:

S(1 − k) = a(1 − kⁿ)

ఇక్కడ 1 − k = (r − g)/(1+r). దీనితో రెండు వైపులా భాగిస్తే (1+r) కూడా పోయి, సూత్రం మిగులుతుంది:

S = C/(r − g) × [1 − ((1+g)/(1+r))ⁿ]

ముందు మూడేళ్లకు సరిచూద్దాం. చెల్లింపులు 60,000, 63,600, 67,416. వాటి నేటి విలువలు 55,556, 54,527, 53,517. కూడితే 1,63,600. సూత్రంలో n = 3 వేస్తే 1,63,599 వస్తుంది. ఆ రూపాయి తేడా పైసలను సవరించినందువల్ల వచ్చిందే.

ఇప్పుడు 20 ఏళ్లకు చూద్దాం. C/(r − g) = 60,000/0.02 = 30,00,000. k = 1.06/1.08 = 0.981481. దాని 20వ ఘాతం 0.688085. కాబట్టి S = 30,00,000 × 0.311915 = సుమారు 9,35,700 రూపాయలు.

అంటే 7 లక్షలు చాలవు. 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు రూపాయి 4.66 రూపాయలవుతుంది. 7 లక్షలు దాదాపు 32.6 లక్షలవుతాయి, ఏటా పెంచుతూ దాస్తే దాదాపు 43.6 లక్షలు చేరతాయి. తేడా 11 లక్షలు. జీతం పెరుగుదలను మరచి, ఏటా 60,000 మాత్రమే అనుకుని లెక్కకడితే నేటి విలువ 5.89 లక్షలే వస్తుంది. అప్పుడు 7 లక్షలు ఎక్కువే అనిపించి, నిర్ణయం తలకిందులవుతుంది.

ఈ లెక్కలో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి, k విలువను 0.98 అని కుదించకూడదు. 20వ ఘాతంలో ఆ చిన్న తేడా పెరిగి జవాబు 9.97 లక్షలవుతుంది, 61,000 ఎక్కువ. కనీసం ఆరు దశాంశ స్థానాలు ఉంచుకోవాలి. రెండు, r, g సమానమైతే హారం సున్నా అవుతుంది, సూత్రం పనిచేయదు. అప్పుడు మొదటి వరుసకే వెళ్లాలి. అందులో ప్రతి పదమూ C/(1+r) కాబట్టి S = nC/(1+r). g కన్నా r తక్కువైతే మాత్రం భయం లేదు: హారమూ, బ్రాకెట్టులోని విలువా రెండూ రుణాత్మకమై, జవాబు ధనాత్మకంగానే వస్తుంది.

నిజ జీవితంలో డీఏ ఏటా ఒకేలా పెరగదు, పదోన్నతి వస్తే జీతం ఒక్కసారిగా పెరుగుతుంది, వడ్డీ రేటూ మారుతుంది. అందుకే g ని 5 శాతంగా, ఆపై 7 శాతంగా మార్చి ఇదే లెక్క మళ్లీ చేయాలి. రెండు సందర్భాల్లోనూ నేటి విలువ 7 లక్షలకు పైనే వస్తుందో లేదో మీరే చేసి చూడండి.